ఉద్యోగం పోయాక రెండు నెలల అద్దె రెండు భాగాలుగా కడతానని అడిగాను – నా అనుభవం

నా ఉద్యోగం నెల మధ్యలో, 18వ తేదీతో ఆగిపోయింది. అద్దె ప్రతి నెలా 5న కట్టాలి. పనిచేసిన ఆ రోజుల జీతం కూడా ఫైనల్ సెటిల్‌మెంట్‌లో కలిపే ఇస్తామన్నారు. దానికి నెలన్నర పైనే పట్టొచ్చని హెచ్ఆర్ వాళ్లు చెప్పారు. అంటే రాబోయే రెండు అద్దెలకు నా వైపు నుంచి ఒక్క పైసా రాదు. మిగిలింది మా వారి జీతం, కొద్దిగా దాచుకున్న డబ్బు. మా వారి జీతం నెలాఖరున కాదు, 15న పడుతుంది. అసలు చిక్కంతా ఈ తేదీల దగ్గరే వచ్చింది.

ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. అసలు మొత్తాలు చెప్పడం కంటే అద్దెను 100 అనుకుని, మిగతావన్నీ ఆ కొలతలోనే చెబుతాను. మీ అద్దె ఎంతైనా లెక్క అలాగే పట్టుకోవచ్చు.

ఓనరు గారికి ఫోన్ చేసే ముందు కూర్చుని కాగితం మీద లెక్క వేసుకున్నాం. నెలకు ఎంత వస్తుంది, ఎంత పోతుంది అని మాత్రమే చూస్తే సరిపోదు. ఏ తేదీన వస్తుంది, ఏ తేదీన పోతుంది అన్నది చూడాలి. మా వారి జీతం 160. అద్దె 100. బాగా తగ్గించుకున్న ఇంటి ఖర్చు నెలకు 70, అంటే సగం నెలకు 35. ఒక ఈఎంఐ 20, అది 10న పోతుంది. మొత్తం ఖర్చు 190. నెలకు 30 తగ్గుతుందన్నమాట. చేతిలో 140 ఉంది. ఇలా చూస్తే రెండు నెలలకు తగ్గేది 60, ఉన్నది 140, కాబట్టి ఇబ్బందే లేదనిపిస్తుంది.

తేదీలు పెట్టి చూస్తే కథ వేరు. 5న అద్దె మొత్తం కట్టేస్తే 140లో 40 మిగులుతుంది. 10న ఈఎంఐ పోతే 20. 15 వచ్చేలోగా ఇంటి ఖర్చుకు 35 కావాలి. అంటే జీతం పడే ముందే 15 తక్కువ. ఆ 15 కోసం ఎవరి దగ్గరో చేబదులు తేవాలి, లేదా క్రెడిట్ కార్డు మీద వేయాలి. ఈ లెక్క చూశాకే నాకు స్పష్టమైంది: మాకు కావాల్సింది అద్దెలో తగ్గింపు కాదు, గడువులో సర్దుబాటు. నేను ఓనరు గారిని అడగబోయేది ఇదేనని, ఇంతకు మించి అడగకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను. ఈ తేడా చాలా ముఖ్యం. "కొంచెం చూడండి సార్" అంటే వినేవాళ్లకు ముందు వినిపించేది అద్దె తగ్గించమనే. మొత్తం డబ్బు అదే నెలలో చేరుతుందని మొదటి మాటలోనే తెలిస్తే వాళ్లు వినే తీరే వేరుగా ఉంటుంది.

ఎవరికైనా ముందు తట్టేది సగం సగం. 5న 50, 20న 50. కాగితం మీద మొదటి నెలకు అది బాగానే నడిచింది: 140లో 50, 20, 35 పోతే 35 మిగులుతుంది, 15న 160 వస్తుంది, 20న మిగతా 50, తర్వాత ఖర్చు 35. నెలాఖరుకు చేతిలో 110. రెండో నెలలో అదే పద్ధతిలో వెళ్తే 14వ తేదీకి చేతిలో మిగిలేది 5. ఒక్క మందుల చీటీ వస్తే చాలు, ఆ 5 ఎగిరిపోతుంది. మొదటి నెల కుదిరింది కదా అని ఆగకుండా రెండో నెల కూడా పూర్తిగా వేసి చూడాలని చెప్పేది ఇందుకే. ఇలాంటి ఏర్పాట్లు దెబ్బతినేది ఎక్కువగా రెండో నెల మొదటి పదిహేను రోజుల్లోనే. అప్పటికి దాచుకున్నది సగం కరిగి ఉంటుంది. అందుకని 5న 40, 20న 60 అడుగుదామనుకున్నాం. అలాగైతే రెండో నెలలోనూ కనీసం 15 చేతిలో ఉంటుంది.

ఈ లెక్కలో నేను కలపనివి రెండున్నాయి. ఒకటి నా ఫైనల్ సెటిల్‌మెంట్. రెండోది నాకు రాబోయే ఉద్యోగం. సెటిల్‌మెంట్ 120 దాకా రావాలి, కానీ ఎప్పుడొస్తుందో నా చేతిలో లేదు. ఉద్యోగం సంగతి చెప్పనే అక్కర్లేదు. రెండు నెలల అద్దె పూర్తిగా ఇప్పుడు చేతిలో ఉన్నదానితోనూ, తేదీ తప్పకుండా వచ్చే జీతంతోనూ కట్టగలగాలి. రావచ్చు అనుకునే డబ్బును మూడో నెలకు, అంటే మామూలు పద్ధతికి తిరిగి రావడానికి మాత్రమే వాడాలి. "త్వరలో జాబ్ వచ్చేస్తుంది సార్" అనే మాట మీద నిలబడే ప్రణాళికను ఏ ఓనరూ నమ్మరు, నమ్మకపోవడం న్యాయమే కూడా.

తర్వాత అగ్రిమెంటు తీసి చదివాను. చూసినవి నాలుగు విషయాలు: అద్దె తేదీ దాటాక ఎన్ని రోజుల వెసులుబాటు ఉంది, లేట్ ఫీజు ఎలా పడుతుంది, ఎంత ఆలస్యమైతే అగ్రిమెంటు రద్దు చేసుకునే హక్కు ఓనరుకు వస్తుంది, ఖాళీ చేయాలంటే ఎంత ముందు నోటీసు ఇవ్వాలి. మా అగ్రిమెంటులో తేదీ దాటితే లేట్ ఫీజు ఉంది. అద్దెలో కొంత కట్టినా, మిగిలిన భాగం మీద ఫీజు పడుతుందని అర్థం చేసుకునే అవకాశం ఆ వాక్యంలో ఉంది. నోటి మాటగా ఒప్పుకుని ఊరుకుంటే రేపు ఈ వాక్యమే గొడవకు మూలమవుతుంది. అందుకే ఏర్పాటు రాతలో ఉండాలని, లేట్ ఫీజు సంగతి అందులో విడిగా ఉండాలని అనుకున్నాను.

అద్దె తేదీకి వారం పైనే ముందు ఫోన్ చేశాను. తేదీ దాటాక చెబితే అది సంజాయిషీ అవుతుంది. ముందే చెబితే విన్నపంగా ఉంటుంది. ఓనరు గారికి కూడా తన వైపు సర్దుకోవడానికి సమయం దొరుకుతుంది.

"సార్, ఒక విషయం ముందుగానే చెప్పాలని చేశాను. నా ఉద్యోగం పోయింది. అద్దె మీకు పూర్తిగానే వస్తుంది, తగ్గించమని అడగడం లేదు. వచ్చే రెండు నెలలు మాత్రం 5న 40, 20న మిగతా 60 ఇవ్వడానికి ఒప్పుకుంటారేమోనని అడుగుతున్నాను" అన్నాను.

ఆయన కాసేపు ఆగి, "అయ్యో, ఎప్పుడమ్మా?" అని అడిగి, కంపెనీ సంగతులు కనుక్కున్నారు. తర్వాత, "నాకు 10న బ్యాంకు వాయిదా పోతుందమ్మా. మీ అద్దె మీదే కడుతుంటాను. 40 అంటే దానికి చాలదు" అన్నారు.

చాలామంది అద్దెదారులు ఊహించనిది ఇదే అనుకుంటాను. ఇల్లు అద్దెకిచ్చినవాళ్లందరి దగ్గరా డబ్బు నిలవ ఉండదు. ఆ అద్దె నమ్ముకుని వాళ్లకూ ఏదో ఒక తేదీ ఉంటుంది: ఇంటి రుణం, పన్ను, పెద్దవాళ్ల మందులు. "మీకు ఏ తేదీకి ఎంత తప్పనిసరిగా కావాలి సార్?" అని అడిగాను. అద్దెలో 55 వస్తే వాయిదా గడిచిపోతుందని, మిగతా 45 నెలలోపు ఎప్పుడొచ్చినా ఫర్వాలేదని చెప్పారు. ఆ ఒక్క ప్రశ్నతో మాట్లాడాల్సింది చిన్నదైపోయింది. ఆయన కావాలంటున్నది 55, నేను ఇవ్వగలిగేది 40. మధ్యలో ఉన్నది 15 మాత్రమే.

వెంటనే సరేననలేదు. "ఒక్కరోజు టైమివ్వండి సార్, లెక్క చూసుకుని చెప్తాను" అన్నాను. మొహమాటానికి ఒప్పేసుకుని తర్వాత తప్పడం కంటే ఈ ఒక్కరోజు అడగడం ఎంతో మేలు. 5న 55 కడితే మా లెక్కలో రెండో నెల 14వ తేదీకి చేతిలో సరిగ్గా సున్నా. అది కుదరదు. అద్దె కదలకపోతే ఇంకేది కదులుతుందని చూస్తే, 10న పోయే మా ఈఎంఐ కనిపించింది. రుణం ఇచ్చిన సంస్థకు ఫోన్ చేసి, వాయిదా తేదీని 20కి మార్చగలరా అని అడిగాను. వాయిదా ఎగ్గొట్టడం కాదు, తేదీ మార్పు మాత్రమే. అందరూ ఒప్పుకోరు, ఒప్పుకున్నా మధ్యలో పెరిగిన రోజులకు కొంచెం వడ్డీ పడుతుంది. మాకు ఒప్పుకున్నారు, వడ్డీ స్వల్పమే. ఇప్పుడు మళ్లీ వేస్తే రెండో నెల మొదట్లో చేతిలో 110, అద్దె మొదటి భాగం 55, ఖర్చు 35, జీతం పడే ముందు మిగిలేది 20. మొదట నేను అడిగిన 40–60 ఏర్పాటులో కంటే ఇది కొంచెం మెరుగే.

మర్నాడు ఫోన్ చేసి 55, 45 అని చెప్పాను. అప్పుడాయన అసలు ప్రశ్న అడిగారు: "మరి రెండు నెలల తర్వాత కూడా ఉద్యోగం రాకపోతే ఏంటమ్మా?"

దీనికి జవాబు సిద్ధం చేసుకున్నాం, అది చెప్పడానికి మనసు ఒప్పకపోయినా. రెండో నెల 20వ తేదీని మా పరీక్ష తేదీగా పెట్టుకున్నాం. ఆ రోజుకు సెటిల్‌మెంట్ ఎప్పుడొస్తుందో రాతపూర్వకంగా తెలియక, ఉద్యోగం కూడా ఖాయం కాకపోతే, అగ్రిమెంటు ప్రకారం ఖాళీ చేస్తామని నోటీసు ఇచ్చి చిన్న ఇంటికి మారతాం. అప్పటికి అడ్వాన్స్ పూర్తిగా ఓనరు గారి దగ్గరే ఉంటుంది కాబట్టి ఆయనకు బాకీ మిగిలే పరిస్థితి రాదు. ఇదే మాట ఆయనకు చెప్పాను. నా అంచనా ఏంటంటే, ఆయన ఒప్పుకోవడానికి ముఖ్య కారణం ఈ జవాబే. ఇల్లు ఇచ్చినవాళ్ల భయం పదిహేను రోజుల ఆలస్యం గురించి కాదు. ఇది ఎక్కడ ఆగుతుందో తెలియకపోవడం గురించి.

అడ్వాన్స్ మాటొచ్చింది కాబట్టి చెబుతున్నాను. "అడ్వాన్స్‌లో పట్టుకోమను, సరిపోతుంది" అని దగ్గరివాళ్లు ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. నేను అలా అడగలేదు. అడ్వాన్స్ ఉండేది ఖాళీ చేసేటప్పుడు బాకీలకూ, ఇంటికి జరిగిన నష్టానికీ. దాన్ని ముందే తినేస్తే ఓనరుకు ఉన్న ఒక్క ధైర్యం పోతుంది, తర్వాత మనకు ఏ సర్దుబాటు అడిగే మొహం ఉండదు. పైగా ఇల్లు మారాల్సి వస్తే కొత్త ఇంటి అడ్వాన్స్‌కు కావాల్సిన డబ్బు అదే. ఇక ఏ దారీ లేనివాళ్ల సంగతి వేరు. వాళ్లు అడిగినా, ఎన్ని నెలల్లో తిరిగి నింపుతారో తేదీలతో రాసి అడగాలి.

ఫోన్ పెట్టేసిన అరగంటలో మెసేజ్ పంపాను. మాట్లాడింది చల్లారక ముందే రాతలోకి రావడం మంచిది. మొత్తాల చోట అసలు అంకెలున్నాయి, ఇక్కడ అదే కొలత పెడుతున్నాను:

"సార్, నమస్తే. ఈరోజు ఫోన్‌లో అనుకున్నది రాసి పంపుతున్నాను. నా ఉద్యోగం పోయిన కారణంగా, వచ్చే రెండు నెలల అద్దెను ఈ విధంగా కడతాము. ప్రతి నెల 5వ తేదీలోపు 55, 20వ తేదీలోపు 45. ఆ నెల అద్దె ఆ నెల 20కి పూర్తవుతుంది, ఏదీ మరుసటి నెలకు మిగలదు. ఈ తేదీల ప్రకారం కట్టినంత వరకు రెండో భాగం మీద లేట్ ఫీజు ఉండదని మీరు చెప్పారు. తేదీ తప్పితే అగ్రిమెంటులో ఉన్న ఫీజు వర్తిస్తుంది. మూడో నెల నుంచి ఎప్పటిలాగే 5న మొత్తం అద్దె కడతాము. అలా కట్టలేమని తెలిస్తే రెండో నెల 20వ తేదీకల్లా మీకు చెప్పి, ఖాళీ చేయడానికి నోటీసు ఇస్తాము. అడ్వాన్స్, అగ్రిమెంటులోని మిగతా షరతులు యథాతథం. ఇది మీకు సమ్మతమైతే 'సరే' అని జవాబివ్వగలరు."

ఆయన "సరే అమ్మా, జాగ్రత్త" అని పంపారు. మాకు అంత చాలు. అగ్రిమెంటులో మార్పులు సంతకంతోనే చెల్లుతాయని షరతు ఉంటే మెసేజ్ చాలదు. అదే విషయాన్ని ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోవాలి. మా దానిలో అలాంటి షరతు లేదు.

మెసేజ్‌లో నా బాధ గురించి ఏమీ రాయలేదు, అది ఫోన్‌లోనే చెప్పుకున్నాం. రాతలో తేదీలు, మొత్తాలు, ఎప్పుడు ముగుస్తుంది అన్నవే ఉండాలి. రెండు నెలలు గడిచాక ఇద్దరిలో ఎవరు తిరిగి చదివినా ఒకే అర్థం రావాలి. ముఖ్యంగా "ఆ నెల అద్దె ఆ నెల 20కి పూర్తవుతుంది" అన్న వాక్యం నేను కావాలని పెట్టాను. అది లేకపోతే రెండో నెల 5న కట్టిన డబ్బు మొదటి నెల బాకీకి పోయిందా, ఈ నెల మొదటి భాగమా అనే అయోమయం వస్తుంది. అందుకే డబ్బు పంపిన ప్రతిసారీ వివరం దగ్గర నెల పేరు, "మొదటి భాగం" లేదా "రెండో భాగం, పూర్తి" అని రాశాను.

మొదటి నెల సాఫీగానే గడిచింది. రెండో నెలలో ఒక ఇబ్బంది వచ్చింది. 15 సెలవు రోజు కావడంతో, వెంటనే వారాంతం కూడా కలిసి మా వారి జీతం 18కి పడుతుందని వాళ్ల ఆఫీసులో చెప్పారు. 20కి ఇంకా రెండు రోజులుంటుంది కాబట్టి అద్దెకు అడ్డు లేదు. కానీ ఆ మూడు రోజుల ఖర్చుకు ఆ మిగిలిన 20లోంచి కొంత పోయింది. సగం సగం పద్ధతిలో, మిగిలిన 5తో ఉండి ఉంటే అక్కడే ఆగిపోయేవాళ్లం. ఓనరు గారికి మాత్రం 14నే చెప్పాను: "జీతం 18కి పడుతుందట సార్, 20న మీ డబ్బు వస్తుంది, తేదీ మారదు." అవసరం లేకపోయినా చెప్పాను. మన ఇంట్లో ఏం జరుగుతోందో వాళ్లకు కనిపించదు కదా. మాట లేకపోతే ఊహలు పెరుగుతాయి.

ఇక మూడో నెలకు తిరిగి రావడం. రెండో నెలాఖరుకు లెక్క ప్రకారం చేతిలో 80. మూడో నెల 5న 100 కట్టి, 15 వరకు 35 ఖర్చు పెట్టాలంటే 135 కావాలి. అంటే సెటిల్‌మెంట్ నుంచి కనీసం 55 రావాలి. మాజీ ఆఫీసుకు మెయిల్ పెట్టేటప్పుడు "ఎప్పుడొస్తుంది" అని కాకుండా, చెల్లించే తేదీనీ, కోతలు పోను చేతికొచ్చే మొత్తాన్నీ రాతపూర్వకంగా తెలపమని అడిగాను. రెండో నెల మధ్యలో జవాబొచ్చింది. నెలాఖరుకు చెల్లిస్తామన్నారు. కానీ కోతలు పోను వచ్చేది 120 కాదు, 90. 120 వస్తుందనే ధీమాతో ముందే ఖర్చులు పెట్టుకుని ఉంటే ఆ 30 తేడా గట్టిగా తగిలేది. మాకు కావాల్సింది 55 కాబట్టి 90తోనూ నడిచింది. రెండో నెల 20న రెండో భాగం పంపుతూ, "మూడో నెల నుంచి మామూలుగానే 5న మొత్తం కడతాము సార్" అని రాశాను. కట్టాము కూడా.

మూడో నెలలో కొన్ని రోజుల చిన్న కాంట్రాక్టు పని దొరికింది, దాని డబ్బు తక్కువే అయినా తర్వాతి నెల మొదట్లో ఊపిరి పీల్చుకునేలా చేసింది. ఆ నెల చివర్లో ఉద్యోగం ఖాయమైంది. ఉద్యోగం ఖాయమైన రోజు నుంచి మొదటి జీతం చేతికి రావడానికి మరో నెల పైనే పట్టింది. రికవరీ ప్లాన్ వేసుకునేవాళ్లు ఈ నెలను తప్పకుండా లెక్కలో పెట్టాలి. నాలుగో నెల అద్దె 5న కట్టి, ఖర్చులు పోను మా వారి జీతం పడే ముందు మా దగ్గర లెక్క ప్రకారం 5, దాని మీద కాంట్రాక్టు పని డబ్బు కొంచెం ఉన్నాయి. ఆఫర్ లెటర్ చేతిలో ఉంది కదా అని అప్పటికే ఖర్చులు పెంచి ఉంటే ఆ నెల అద్దెకు మళ్లీ ఫోన్ చేయాల్సి వచ్చేది.

మొదటి జీతం వచ్చాక ఈఎంఐ తేదీని అలాగే 20న ఉంచేశాం, మా వారి జీతం తేదీకి అదే అనువుగా ఉంది. ఓనరు గారితో జరిగిన మెసేజ్‌లు, చెల్లింపుల రసీదులు అగ్రిమెంటు కాపీతో కలిపి ఒకే చోట పెట్టాను. అగ్రిమెంటు మళ్లీ రాసుకునేటప్పుడు అద్దె తేదీ 5 బదులు 16 చేయడం కుదురుతుందా అని అడగాలనుకుంటున్నాం. కానీ ఆయన బ్యాంకు వాయిదా 10న ఉంది కాబట్టి, ముందు ఆ సంగతి కనుక్కుని అడగాలి.